కరెంటు పోయినా పోకూడని లాకు

ఆ కంపెనీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పిలవగలిగిన ఒకే ఒక్క మనిషి, కంపెనీ పెట్టిన పెద్దాయన, పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఓనరైన ఆయన కొడుకుతో సహా అందరికీ ఆమె పెద్దమేడమే. చేరిన కొత్తల్లో కూడా తననెవరూ చిన్నమేడం అనలేదనీ, ఎకాయెకిన పెద్దరికం అంటగట్టేశారనీ ఆమె నవ్వుతూ చెప్పేది.

రోడ్డు వైపు రేకుల షెడ్డు, షెడ్డు వెనక అద్దాల గది, గదిలో కిటికీ పక్కన ఆమె బల్ల. బల్ల నిండా మూతలు విప్పిన డబ్బాలు. మేడ మీద ట్యాంకులో నీళ్ళు తగ్గితే మోటారు వేసి, నిండగానే ఆపేసే కంట్రోలర్లు అవి. డబ్బాలు బిగించేవాళ్ళు షెడ్డులో ఉన్నారు. అమ్మేవాళ్ళు బజార్లో ఉన్నారు. కానీ డబ్బాలో గోరంత చిప్పు ఉంటుంది కదా, అది ఎప్పుడు ఏం చెయ్యాలో చెప్పే ప్రోగ్రాం మాత్రం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఆమె రాసిందే. ఎక్కడ ఏ లైను ఉందో అడిగితే కాయితం చూడకుండా చెప్పేది. జీతం పెంచమని ఎప్పుడూ అడగని మనిషి, ఆ ప్రోగ్రాంలో ఎవరైనా వేలు పెడితే మాత్రం ఊరుకునేది కాదు.

రిటైరయ్యే రోజు దగ్గర పడింది. అదే సమయంలో ఇంకో చిక్కు వచ్చింది. వాళ్ళు వాడే చిప్పు తయారవడం ఆగిపోయిందని సరుకు ఇచ్చేవాళ్ళు కబురు చేశారు. కొత్త చిప్పు పెట్టాలి, ప్రోగ్రాం దానికి తగ్గట్టు మళ్ళీ రాయాలి. అందుకోసం ఓనరు ఒక కొత్తాయన్ని తీసుకున్నాడు. కరెంటు మీటర్లు చేసే కంపెనీ ఒకటి మూతపడితే రోడ్డున పడ్డ ఇంజనీరు అతను. వయసు నలభైకి దగ్గర. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"మేడం, మీ బుర్రలో ఉన్నదంతా ఒక నోట్‌గా రాసి ఈయన చేతికివ్వండి," అన్నాడు ఓనరు. "తర్వాత మీరెక్కడికీ పోవట్లేదు లెండి. వారానికి రెండు పూటలు సలహాదారుగా వద్దురుగాని. మీరు లేకపోతే ఈ గదికి అందమేముంది?"

"అందం కోసమైతే ఒక పూలకుండీ పెట్టుకోండి," అంది ఆమె. కానీ ఆ మాటకు లోలోపల ఎంత ఊరట కలిగిందో ఆమెకే తెలుసు.

ఎందుకంటే ఆమెకు భయంగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళుగా తెలిసిన మాటలు నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. ఒకసారి దిగాల్సిన స్టాపు దాటిపోయి, దిగిన చోట నిలబడి, ఇక్కడికెందుకొచ్చానా అని చాలాసేపు దిక్కులు చూసింది. భర్తకు చెప్పకుండా ఆస్పత్రికి వెళ్ళొచ్చింది. డాక్టరు బొమ్మలు చూపించి, పదాలు చెప్పి, కాసేపయ్యాక మళ్ళీ చెప్పమన్నాడు. గడియారం బొమ్మ గీయమన్నాడు. చివరికి మెల్లగా, "మొదలైందమ్మా. ఇప్పుడిప్పుడే. ఇంట్లోవాళ్ళను ఒకసారి తీసుకురండి," అన్నాడు. ఆమె తలూపి, బయటికొచ్చి, చీటీ మడిచి కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంది. ఇంట్లోవాళ్ళను తీసుకెళ్ళలేదు. ఇంట్లోవాళ్ళంటే ఆయనొక్కడే.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చోలేక వీధిలో అందరినీ పలకరిస్తూ తిరుగుతాడు. ఆ సాయంత్రం ఆమె ముఖం చూసి, "ఏమోయ్, ఆఫీసులో ఎవడైనా నీ ప్రోగ్రాంలో వేలు పెట్టాడా?" అన్నాడు.

"నేనే పెట్టిస్తున్నానండీ. కొత్తాయన కోసం నోట్ రాయాలి," అంది ఆమె.

నోట్ రాయడం మొదలుపెట్టాక ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండని మనిషికి, ఎన్నో ఏళ్ళ కిందట రాసుకున్నది కళ్ళకు కట్టినట్టు కనిపించింది. పెన్ను ఆగలేదు. మొదటి పేజీ ఇలా ఉంది:

"ముందుగా ఒక మాట. ఈ ప్రోగ్రాంలో తెలివితేటలేమీ లేవు. కావాలనే లేకుండా చేశాను. ఒక టైమరు ఉంది. అది సెకనులో చాలాసార్లు చిటికె వేస్తుంది. చిటికె పడినప్పుడల్లా ఒక గుర్తు పెట్టడం తప్ప అక్కడ ఇంకే పనీ పెట్టవద్దు. అసలు పనంతా బయట తిరిగే చుట్టులో జరుగుతుంది. గుర్తు కనబడగానే చుట్టు ఒకసారి తిరుగుతుంది: ప్రోబులు (ట్యాంకులోకి దించిన కమ్మీలు) చదువుతుంది, మోటారు కరెంటు చదువుతుంది, ఏం చెయ్యాలో తేల్చుకుంటుంది, మోటారు స్విచ్చు వేసే రిలేకి చెబుతుంది, లైట్లూ బజరూ బటన్లూ చూసుకుంటుంది, ఆఖరున కాపలాకి 'నేను బతికే ఉన్నాను' అని చెప్పి మళ్ళీ మొదటికొస్తుంది. చుట్టు ఎక్కడైనా ఇరుక్కుపోతే కాపలాకి ఆ కబురు అందదు. అప్పుడది చిప్పును తట్టి లేపి మొదటినుంచి నడిపిస్తుంది. అందుకే కాపలాకి చెప్పే మాట ఒక్కచోటే ఉండాలి. పది చోట్ల పెడితే, ఇరుక్కున్నవాడు కూడా బాగానే ఉన్నానని చెబుతాడు."

కొత్తాయన ఆ పేజీ చదివి మొదటిసారి నవ్వాడు. "మా పాత కంపెనీలో కాపలాకి ప్రతి చోటా చెప్పేవాళ్ళం మేడం."

"అందుకే మూతపడిందేమో," అని ఆమె నాలుక కరుచుకుంది. అతని ముఖం చిన్నబోవడం చూసి, "ఊరికే అన్నాను బాబూ, మనసులో పెట్టుకోకు," అంది.

ప్రోబుల గురించి రెండు పేజీలు రాసింది. ట్యాంకులోకి దిగిన కమ్మీల గుండా కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కున పంపితే అవి నీళ్ళలో కొద్దికొద్దిగా కరిగిపోతాయి, వాటి మీద పాచి పేరుకుంటుంది. అందుకని ఒకసారి ఇటునుంచి అటు, ఒకసారి అటునుంచి ఇటు పంపాలి, అదీ చదివే ఆ కాస్త క్షణం మాత్రమే. ఒక్కసారి చదివినదాన్ని నమ్మకూడదు. పైనుంచి నీళ్ళు దూకుతుంటే ట్యాంకులో అలలు లేస్తాయి, ప్రోబు తడుస్తూ ఆరుతూ ఉంటుంది. కొన్ని సెకన్లపాటు మళ్ళీ మళ్ళీ అదే మాట చెబితేనే నమ్మాలి. పై ప్రోబు తడిసి, కింది ప్రోబు పొడిగా ఉందని వస్తే అలా ఎక్కడా జరగదు కనుక వైరు తెగిందని అర్థం, మోటారు ఆపి బజరు మోగించాలి.

"దీన్ని నేను చదివినట్టు లేదు మేడం, మీరు చెబుతుంటే విన్నట్టుంది," అన్నాడు కొత్తాయన. ఆ మాట ఆమె ఇంటికెళ్ళి భర్తకు చెప్పుకుంది. మర్నాడు పొద్దున మళ్ళీ చెప్పింది. ఆయన రెండోసారి కూడా కొత్తగా విన్నట్టే విన్నాడు.

ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది. బోరు ఎండిపోతే ఏం చెయ్యాలనేది. బోరులోకి ప్రోబు దించలేరు. నీళ్ళు లేవని మోటారు కరెంటును బట్టే కనిపెట్టాలి. మోటారు కదిలేటప్పుడు కరెంటు ఎగిరిపడుతుంది, కనుక మొదటి కొన్ని సెకన్లు చూడకూడదు. ఆ తర్వాత నీళ్ళు తోడుతుంటే బరువుంటుంది, కరెంటు నిలకడగా ఉంటుంది. నీళ్ళు లేకపోతే బరువుండదు, కరెంటు పడిపోతుంది. అలా పడిపోయి కాసేపు పైకి రాకపోతే మోటారు ఆపి, లాకులోకి వెళ్ళిపోవాలి. లాకులో ఉండగా ట్యాంకు ఎంత ఖాళీగా ఉన్నా సరే మోటారు వెయ్యకూడదు. బోరులో మోటారును చల్లబరిచేదీ, లోపలి బేరింగులకు నూనెలా పనికొచ్చేదీ ఆ నీళ్ళే. నీళ్ళు లేకుండా తిప్పితే కాలిపోతుంది.

ఇదంతా రాసి, ఆ పేజీ చివర ఇలా రాసింది: "కరెంటు పోయి వస్తే లాకు దానంతటదే పోతుంది. ప్రోగ్రాం మొదటినుంచి మొదలవుతుంది."

కొత్తాయన ఆ వాక్యం దగ్గర ఆగాడు. పాత ప్రోగ్రాం తెరిచి చూశాడు. పైకీ కిందికీ జరిపాడు. లేచి ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"మేడం, ఇక్కడేదో ఉంది. కరెంటు రాగానే, చెరగని మెమరీలోంచి ఒక నంబరు చదివి, దాన్నిబట్టి లాకులోకి పోతున్నట్టుంది. మీరేమో కరెంటు పోయి వస్తే లాకు పోతుందని రాశారు."

ఆమె అద్దాలు సర్దుకుని చూసింది. ఆ లైన్లు తనవే. కానీ ఎందుకు రాసిందో అందలేదు. అందకపోవడం అతని కంటబడకూడదనిపించింది. ఆ కంగారులో గొంతు అవసరానికి మించి గట్టిగా వచ్చింది.

"ఎప్పుడో ప్రయోగం చేసి వదిలేసిన చెత్త బాబూ అది. తీసెయ్. నోట్‌లో ఉన్నదే రాసుకో."

"సరే మేడం," అన్నాడు అతను. రాసినావిడే చెబుతుంటే ఇంకేమంటాడు? తీసేశాడు.

కొత్త చిప్పుతో బోర్డులు తయారయ్యాయి. ముందు కొన్ని చోట్ల పెట్టి చూద్దామన్నాడు ఓనరు. చదువుకునే ఆడపిల్లలు ఉండే ఒక హాస్టల్లో కూడా ఒకటి పెట్టారు. మూడంతస్తుల బిల్డింగు, వెనక పెరట్లో బోరు. వారాలు గడిచినా ఎక్కడినుంచీ ఫిర్యాదు రాలేదు. "మేడం రాసిన నోటా మజాకా!" అని ఓనరు భుజాలెగరేశాడు.

ఎండలు ముదిరాయి. హాస్టలు బోరులో నీళ్ళు అడుగంటాయి. ఒక రోజు పొద్దున్నుంచీ గాలిదుమారం. కరెంటు వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. ట్యాంకు ఖాళీగా ఉంది. కరెంటు వచ్చినప్పుడల్లా డబ్బా పాత సంగతులేమీ గుర్తులేకుండా కొత్తగా కళ్ళు తెరిచి, ట్యాంకు ఖాళీ అని చూసి, మోటారు వేసింది. మొదటి సెకన్లు చూడకూడదు కనుక చూడలేదు. తర్వాత నీళ్ళు లేవని కనిపెట్టి ఆపింది, లాకు పెట్టుకుంది. ఈలోగా కరెంటు పోయింది, లాకూ పోయింది. మళ్ళీ కరెంటు, మళ్ళీ మోటారు. రోజంతా అదే పని. సాయంత్రానికి బోరులో మోటారు కాలిపోయింది.

మోటారు పైకి తీయడానికి బండి దొరకాలి, మనుషులు దొరకాలి. ఆ మర్నాడూ హాస్టల్లో నీళ్ళ చుక్క లేదు. వంటావిడ వీధి కుళాయి నుంచి బిందెలతో మోస్తూ మెట్ల మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. వయసు మళ్ళిన మనిషి, ఒంటరిది. ఆ హాస్టలు వంటగదే ఆమె ఇల్లూ వాకిలీ.

ఈ సంగతి సర్వీసు మెకానిక్కు తెచ్చాడు. కాలిన మోటారు కంటే ముందు ఆ ముసలావిడ కబురే చెప్పాడు. ఓనరు అందరినీ తన గదిలోకి పిలిచాడు.

"డబ్బా ఉండేదే మోటారు కాలకుండా కాపాడటానికి. మన డబ్బాయే కాల్చింది," అని కొత్తాయన వైపు తిరిగాడు. "ఇన్నేళ్ళలో మేడం ప్రోగ్రాంతో ఇలా ఒక్కసారైనా జరిగిందా? నువ్వొచ్చి మార్చావ్, జరిగింది. లాకు నిలబడకుండా ఎవరు తీసేశారు?"

"నేనే సార్," అన్నాడు కొత్తాయన.

"ఎందుకు తీసేశావ్?"

అతను ఆమె వైపు చూడలేదు. బల్ల అంచునే చూస్తూ, "నాకు సరిగ్గా అర్థం కాలేదు సార్," అన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. నిజంగానే మండింది. అక్కడ కూర్చున్న క్షణాన ఆమెకు అంతా స్పష్టంగా గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట, కరెంటు కోతలు ఎక్కువగా ఉన్న చోట ఇలాగే మోటార్లు కాలిపోతుంటే, లాకును చెరగని మెమరీలో రాసిపెట్టే ఏర్పాటు తానే చేసింది. ఎవరో ఒకరు వచ్చి, బోరు చూసుకుని, రీసెట్ బటన్ నొక్కి పట్టుకుంటే తప్ప ఆ లాకు పోకూడదు. కరెంటు పోయినా పోకూడదు. ఆ ప్రోగ్రాం మొత్తంలో ఆమె బాగా గర్వపడిన పని అదొక్కటే. దాన్నా పీకేశాడు ఈ మనిషి!

"అర్థం కాకపోవడమేంటి బాబూ? నోట్‌లో అంత వివరంగా రాశాను కదా. లాకు పోకూడదని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా. ఏదీ, ఆ నోట్ ఇలా ఇవ్వు."

"వద్దులే మేడం," అన్నాడు అతను మెల్లగా. "పొరపాటు నాదే."

ఆమె వినలేదు. చేతిలోంచి కాయితాలు లాక్కుంది. పేజీలు తిప్పింది. తన చేతిరాతలో, తనకు అలవాటైన ఆ గుండ్రటి అక్షరాల్లో, వాక్యం కనిపించింది. ఒకసారి చదివింది. పక్కన అతని చిన్న రాత ఉంది: మేడంను అడిగాను, తీసెయ్యమన్నారు.

ఆమెకు అతను అడిగినట్టు గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా లేదు. అతను బల్ల పక్కన నిలబడటం, తాను జవాబు చెప్పడం, ఏదీ లేదు. జ్ఞాపకంలో ఆ చోట ఖాళీ గోడ మాత్రమే ఉంది.

ఓనరు అప్పటికే, "ఇలా అయితే మనకు కుదరదు, నీ సంగతి నేను ఆలోచించుకోవాలి," అంటున్నాడు. కొత్తాయన తలూపుతున్నాడు. ఒకసారి ఉద్యోగం పోయినవాడు రెండోసారి తల ఎలా ఊపాలో ముందే నేర్చుకుని ఉంటాడు.

ఆమె ఊరుకుంటే సరిపోయేది. వారానికి రెండు పూటలు ఆ కిటికీ పక్కన కూర్చోవచ్చు. ఎవరూ అడగరు. ఆ కాయితం మడిచి సంచిలో పెట్టుకుంటే చాలు.

"ఆయన్నేమీ అనకండి," అంది ఆమె. "నోట్ తప్పు. నేను మొట్టమొదట రాసిన ప్రోగ్రాం ఎలా ఉండేదో అదే రాసేశాను. దాంట్లో లాకు అలా పోయేది. ఈయన పట్టుకుని, నన్ను అడిగాడు. నేనే తీసెయ్యమన్నాను. అలా చెప్పినట్టు కూడా నాకు గుర్తు లేదు."

"మనిషన్నాక పొరపాట్లు సహజం మేడం..." అన్నాడు ఓనరు.

"పొరపాటు కాదు బాబూ. జబ్బు. డాక్టరుకు చూపించుకున్నాను. ఇంకా ముదురుతుందిట."

చిన్నప్పుడు ఆమె బల్ల కింద కూర్చుని వైరు ముక్కలతో ఆడుకున్నవాడు ఆ ఓనరు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ తర్వాత అతను మాట్లాడింది ఓనరుగానే. బయట పెట్టిన బోర్డులన్నీ వెనక్కి తెప్పించమన్నాడు. కొత్తాయన్ను ఉండమన్నాడు. సలహాదారు ఉద్యోగం ఊసే ఎత్తలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా.

ఇంటికెళ్ళి ఆమె చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. భర్త మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. కళ్ళజోడు పెట్టెలోంచి డాక్టరు చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"మీకు కోపం రాలేదా?"

"ఎందుకోయ్ కోపం? నాకు తెలుసుగా."

"ఎలా తెలుసు?"

"నువ్వు ఒకే సబ్బు పొద్దునా కొంటావు, సాయంత్రమూ కొంటావు. నేను రెండోది పట్టుకెళ్ళి కొట్టువాడికి తిరిగిచ్చేస్తుంటాను. అతనికీ తెలుసు. నువ్వు వచ్చినప్పుడు ఏమీ అనకుండా ఇచ్చేస్తాడు."

ఆమె ఏడవలేదు. వీధిలో తన వెనక ఇంత మంది కలిసి ఇంత మర్యాదగా నాటకం ఆడారని తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది. "మరి నాకెందుకు చెప్పలేదండీ?" అంది.

"నువ్వు దాచుకుంటున్నావుగా. నీ సరదా నేనెందుకు చెడగొట్టాలి?" అని నవ్వబోయాడు. నవ్వు కుదరలేదు. లేచి వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చెయ్యసాగాడు.

మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్ళింది. ఇంకా రిటైరు కాలేదు కదా. కొత్తాయన బల్ల దగ్గర నిలబడి, "ఆ నోట్ చింపెయ్. మళ్ళీ రాద్దాం. ఈసారి పెన్ను నువ్వు పట్టుకో," అంది.

"చింపడమెందుకు మేడం? చాలావరకు సరిగ్గానే ఉంది."

"ఏది సరైందో నేను చెప్పలేను, నువ్వూ చెప్పలేవు. నన్ను నమ్మకు. బెంచి మీద పెట్టి చూద్దాం."

షెడ్డులోంచి ఒక పెద్ద డ్రమ్ము తెప్పించింది. అందులోకి ప్రోబులు దించి, పాత చిప్పున్న డబ్బా ఒకటి, కొత్త చిప్పున్న డబ్బా ఒకటి పక్కపక్కన పెట్టింది. మోటారుకు బదులు బల్బుల వరస. బల్బులన్నీ వెలిగితే నీళ్ళు తోడుతున్న మోటారు కింద లెక్క, కొన్ని ఆపేస్తే కరెంటు తగ్గి నీళ్ళు లేని మోటారవుతుంది. ఆమె ఒక్కో మాటా చెప్పేది. అతను చేసి చూసేవాడు. పాత డబ్బా ఔనంటేనే కాయితం మీదికెక్కేది. కాదంటే ఆ మాట అక్కడితో సరి. డ్రమ్ములో చేత్తో అలలు లేపి, ప్రోబు తడబడినా రిలే తడబడకుండా ఉందో లేదో చూశారు. కింది ప్రోబు వైరు పీకి బజరు విన్నారు. బల్బులు తగ్గించి లాకు పడేలా చేసి, ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టారు. పాత డబ్బా ఎర్ర లైటుతో అలాగే మొండికేసుకు కూర్చుంది. ఎంతకీ రిలే వెయ్యలేదు. రీసెట్ బటన్ అదిమి పట్టుకున్నాకే లాకు వదిలింది.

"చూశావా?" అంది ఆమె. "దానికి గుర్తుంది."

అతను ప్లగ్గు వైపు చూశాడు. ఆమే మళ్ళీ, "రాసుకో. లాకు పడగానే చెరగని మెమరీలో రాయాలి, ముందు రాసి ఆ తర్వాతే బజరు మోగించాలి. కరెంటు రాగానే, ఇంకేమీ చెయ్యకముందే, దాన్ని చదవాలి. ఆ మెమరీని అస్తమానూ రాయకూడదు, అరిగిపోతుంది. లాకు పడినప్పుడొకసారి, వదిలినప్పుడొకసారి, అంతే. కాపలా తట్టి లేపినా ఇదే వరస. చిప్పు ఎప్పుడు లేచినా రిలేని మాత్రం ఆపి ఉంచే లేవాలి," అని గబగబా చెప్పింది. ప్రతి మాటా బెంచి మీద నిలబడింది.

అన్ని రోజులూ అలా గడవలేదు. కొన్నిరోజులు ఆమె చెప్పినవి వరసగా తప్పయ్యేవి. లైట్లు వెలిగే వరస తప్పు చెప్పింది. బటన్లలో ఒకదాన్ని పూర్తిగా మర్చిపోయింది. అప్పుడతను ఏమీ అనకుండా ఆ గీత కొట్టేసి, "తర్వాతది చెప్పండి మేడం," అనేవాడు. ఒక మధ్యాహ్నం ఆమె చేతిలోని టెస్టరు కింద పెట్టేసి, "ఇంక నావల్ల కాదు బాబూ, నేను ఎవరి ప్రోగ్రామో చదువుతున్నట్టుంది," అంది. అతను ఇద్దరికీ టీ తెచ్చాడు. తాగారు. మళ్ళీ మొదలుపెట్టారు.

మధ్యలో ఒక సెలవురోజు భర్తను తోడు తీసుకుని ఆస్పత్రికి వెళ్ళింది. వంటావిడ కిటికీ లేని వార్డులో, గోడ పక్క మంచం మీద ఉంది. హాస్టలు వాళ్ళు అప్పటికే వేరే వంటమనిషిని పెట్టుకున్నారు.

"ఎవరమ్మా నువ్వు?"

"మోటారు డబ్బా చేసే కంపెనీ నుంచి వచ్చానమ్మా. ఆ ప్రోగ్రాం... ఆ డబ్బా నాదే. తప్పు నావల్లే జరిగింది."

ముసలావిడకు ప్రోగ్రామంటే ఏమిటో తెలీదు. కాసేపు ఈమె ముఖం చూసి, "పిల్లలకు నీళ్ళొస్తున్నాయా ఇప్పుడు?" అంది.

"వస్తున్నాయమ్మా. కొత్త మోటారు వేశారు."

"మరైతే నన్నెప్పుడు రమ్మంటారట?"

భర్త పక్కకు తిరిగి పళ్ళ సంచి ఎక్కడ పెట్టాలా అని వెతికాడు.

రిటైరైన రోజు షెడ్డులో అందరూ చేరారు. ఓనరు మంచి మాటలే మాట్లాడాడు, కానీ తొందరగా ముగించాడు. ఎవరూ పెద్దగా నవ్వలేదు. బాగా లేనివాళ్ళ దగ్గర మాట్లాడే ఆ మెత్తటి గొంతుతో అందరూ మాట్లాడుతుంటే, ఆమెకు ఎప్పుడెప్పుడు ఇంటికెళ్ళిపోదామా అనిపించింది. నోట్ పూర్తయింది. కొత్తాయన చేతిరాతలో ఉంది. కొత్త బోర్డులన్నిటికీ సరిచేసిన ప్రోగ్రాం ఎక్కించారు. ఆ ఎండాకాలమంతా కరెంటు వస్తూ పోతూనే ఉంది, బోర్లు ఎండుతూనే ఉన్నాయి, ఒక్క మోటారూ కాలలేదు. ఆ కబురు ఆమెకు ఎవరూ చేరవెయ్యలేదు. మోటార్లు కాలకపోవడమూ ఒక వార్తేనా?

కొత్తాయన మొదట్లో తరచుగా వచ్చేవాడు, ఏదో ఒక సందేహం పట్టుకుని. ఆమె బాగున్న రోజు చక్కగా చెప్పేది. బాగాలేని రోజు అతన్ని పట్టుకుని, "మీ నాన్నగారు ఎలా ఉన్నారు?" అనేది, అతన్ని ఓనరనుకుని. తర్వాత రావడం తగ్గింది. ఆఖరుసారి వానాకాలంలో వచ్చాడు. గేటు దగ్గరే ఆమె భర్తను పక్కకు పిలిచి, వంటావిడ పోయిందని చెప్పాడు. మంచంలోనే ఉండి ఉండి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందట.

"మీ మేడంకు చెప్పకయ్యా," అన్నాడు ఆయన.

కానీ లోపలికెళ్ళి కూర్చోగానే ఆమె అడిగిన మొదటి మాట అదే: "ఆ వంటావిడ ఎలా ఉంది బాబూ? నడుస్తోందా?" ఆ రోజు ఆమె బాగుంది. కళ్ళు తేటగా ఉన్నాయి. ఆ కళ్ళలోకి చూసి అతను అబద్ధమాడలేకపోయాడు. చెప్పేశాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎవరు ఓదార్చినా ఊరుకోలేదు. అతను వెళ్ళిపోయాక కూడా పొద్దుపోయేదాకా ఏడుస్తూనే ఉంది.

కొన్నాళ్ళకు మళ్ళీ అడిగింది. "ఏమండీ, ఆ వంటావిడ లేచి తిరుగుతోందా?"

ఆయన ఆమెకు చెప్పాడు. ఆమె అప్పుడే మొదటిసారి వింటున్నట్టు విని, మొదటిసారి ఏడ్చినట్టే ఏడ్చింది. అంతే గట్టిగా, అంతసేపూ.

ఇంకోసారి అడిగినప్పుడు ఆయన మంచం మీద ఆమె పక్కన కూర్చుని, దుప్పటి సర్దుతూ, "ఆ, తిరుగుతోందోయ్. హాస్టల్లోనే ఉంది. మళ్ళీ వంట మొదలెట్టిందట," అన్నాడు.

"పోనీలెండి," అని ఆమె కళ్ళు మూసుకుంది.